సంపా, ఇంకుడు గుంతా, వరల బావా? విశాఖలో ఇంటి స్థలానికి వాననీటి దారి ఎంచుకోవడం

ప్లాను ఆమోదానికి ఇచ్చే కాగితాల మీద ఒక మూల నాలుగడుగుల చదరం గీసి, పక్కన ‘ఇంకుడు గుంత’ అని రాసి ఉంటుంది. పెందుర్తిలోని స్థలానికైనా, పెద వాల్తేరులోని స్థలానికైనా, మధురవాడ కొండవాలు మీది స్థలానికైనా అదే చదరం. నిబంధనలు వాననీటి ఏర్పాటు చూపించమంటాయి కాబట్టి గీస్తాం. ఇల్లు పూర్తయ్యాక ఆ గుంతలోకి ఏ గొట్టం వస్తుంది, నిండితే నీరు ఎటు పోతుంది అని అడిగితే చాలాసార్లు మేస్త్రికీ తెలియదు, యజమానికీ తెలియదు.

నేను ఇళ్ల ప్లాన్లు గీసేవాణ్ని. ఈ విషయంలో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను. అది తర్వాత చెబుతాను. ముందుగా మూడు ఏర్పాట్లలో ఏది ఎక్కడ పనికొస్తుందో చూడటానికి ఒక స్థలాన్ని తీసుకుందాం. మధురవాడ వైపు ఒక రిటైర్డ్ మాస్టారి స్థలం అది. రోడ్డు వెంట నలభై అడుగులు, లోపలికి యాభై నాలుగు అడుగులు, మొత్తం 240 గజాలు. రోడ్డు పడమర వైపు, పల్లంలో ఉంది. తూర్పున కొండ. వెనుక భాగం తవ్వి, ఆ మట్టినే ముందు భాగంలో పోసి, రోడ్డు అంచున రిటైనింగ్ గోడ కట్టి స్థలాన్ని చదును చేశారు. ఇప్పుడు ఆవరణ అంతా రోడ్డుకు మూడడుగుల ఎత్తున ఉంది. విశాఖ కొండవాలు స్థలాల్లో మనకు ఎక్కువగా కనిపించే పద్ధతి ఇదే.

ముందు లెక్క, తర్వాత గుంత

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే. మాస్టారి డాబా సుమారు 120 చదరపు మీటర్లు. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. తడికీ ఆవిరికీ చిందిపోయేదానికీ అయిదో వంతు తీసేసినా ఏడాదికి దాదాపు 96,000 లీటర్లు. నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు అనుకుంటే ఇది ఆరు నెలలకు సరిపడే నీరు. ఈ అంకె చెప్పగానే మాస్టారు, “అయితే పెద్ద సంపు కట్టేద్దామండీ” అన్నారు.

ఆ తొందరలోనే పొరపాటు జరుగుతుంది. ఆ నీరు ఏడాది పొడవునా సమంగా రాదు. జూన్ నుంచి నవంబరు దాకా, అందులోనూ తుపానుల కాలమైన అక్టోబరులో, కుండపోతగా వస్తుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే, కుండపోతలో పదో వంతే పోతుందనుకున్నా, ఈ డాబా ఒక్కటే ఆ గంటలో 5,400 లీటర్లు దించుతుంది. ఏడాది అంకె ఆశ పెడుతుంది, గంట అంకె కొలతలు చెబుతుంది. గొట్టాలు, గుంత, బయటికి పోయే దారి అన్నీ ఈ రెండో అంకెకు సరిపోవాలి.

ఇప్పుడు ప్లానులోని ఆ చదరాన్ని దీనితో పోల్చండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంత అంటే 96 ఘనపుటడుగులు, అంటే సుమారు 2,700 లీటర్లు. కానీ దాన్ని రాళ్లతో, కంకరతో, ఇసుకతో నింపుతాం. నీటికి మిగిలేది రాళ్ల సందులే, అవి మూడో వంతుకు కాస్త ఎక్కువ. అంటే వెయ్యి లీటర్లు. గంటకు 5,400 లీటర్లు వస్తుంటే ఈ గుంత పదకొండు నిమిషాల్లో నిండిపోతుంది. అదే నాలుగడుగుల వ్యాసం ఉన్న సిమెంటు వరలను పదడుగుల లోతుకు దించి, లోపల ఏమీ నింపకుండా పైన మూత వేస్తే 3,500 లీటర్లు పడతాయి. ఆవరణలో తీసుకునే చోటు ఇంచుమించు అంతే, పట్టే నీరు మూడున్నర రెట్లు. అడుగున బురద చేరితే మూత తీసి మనిషిని దింపి శుభ్రం చేయించవచ్చు. రాళ్ల గుంతలో బురద చేరితే రాళ్లన్నీ బయటికి తీసి కడగాలి. అలా కడిగించిన ఇంటివారిని నేను ఇంతవరకూ చూడలేదు. అందుకే రాళ్ల గుంత, వరల బావి అనే ఎంపిక వస్తే, నేల తవ్వకానికి లొంగుతుంది అనుకుంటే, నా ఓటు వరల బావికే.

అయినా 3,500 లీటర్లు కూడా ముప్పావు గంటలోపే నిండుతాయి. కాబట్టి సంపు, గుంత, బావి ఏది ఎంచుకున్నా, నిండాక నీరు పోయే దారిని ముందు గీయాలి. దాని మీదే మిగతాదంతా నిలబడుతుంది.

రోడ్డు పక్క కాలువ మట్టం

మాస్టారి స్థలానికి మేం చేసిన మొదటి పని నీళ్ల గొట్టం పట్టుకుని రోడ్డు పక్క కాలువ మట్టం కొలవడం. కాలువ అడుగు రోడ్డుకు అడుగున్నర కింద ఉంది. అయితే గట్టి వానలో కాలువ అంచు దాకా నిండుతుంది కాబట్టి, మన ఓవర్‌ఫ్లో తూము కాలువ అడుగు మట్టాన పెడితే ఆ మురుగు వెనక్కి తన్ని మన సంపులోకే వస్తుంది. తూము మూతి రోడ్డు మట్టానికి కనీసం మూడంగుళాల పైన ఉండాలి. మాస్టారి ఆవరణ మూడడుగుల ఎత్తులో ఉండటం వల్ల ఇక్కడ ఇబ్బంది లేదు. చదునైన కాలనీల్లో మాత్రం రోడ్డు మీద పొర మీద పొర వేస్తూ పోతారు, ఇంటి ఆవరణ ఏటికేడు కిందికి దిగినట్టవుతుంది. కొత్తగా కట్టేవారు ఇవాళ్టి రోడ్డు మట్టానికి ఇంకో అడుగు కలిపి లెక్క వేసుకోవడం మేలు.

భూగర్భ మురుగు గొట్టం ఇంటి ముందే ఉందని వాననీటిని అందులో కలిపేవారున్నారు. ఆ గొట్టాలు మురుగుకు సరిపడే వ్యాసంతోనే వేస్తారు. నాలుగు డాబాల నీరు కలిస్తే వీధిలో మ్యాన్‌హోల్ పొంగుతుంది, పల్లంలో ఉన్న ఇంటి స్నానాల గదిలోకి మురుగు ఎదురు వస్తుంది. వాననీటికి వాననీటి కాలువే దారి.

కొండవాలు స్థలానికి ఇంకో నీరు కూడా ఉంటుంది. వెనుక కొండ మీదినుంచి దిగే ఎర్రటి నీరు. అది మన డాబా నీటితో కలవకూడదు. ఒక్క వానకే సంపు అడుగున మట్టి పేరుకుంటుంది, బావి గోడల రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకే వెనుక హద్దు వెంట, తవ్విన గట్టు కింద, తొమ్మిదంగుళాల వెడల్పున ఒక కాలువ తీసి దక్షిణపు పక్కనుంచి నేరుగా రోడ్డు కాలువలోకి వదిలాం. పూడ్చిన గొట్టం కాదు, పైన పలకలు పరిచిన కాలువ. పలక ఎత్తి పారతో మట్టి తీయవచ్చు.

నేల పరీక్ష, అది చెప్పే అబద్ధం

నేలలోకి నీరు ఇంకించాలా వద్దా అన్నది ఇసుకా బంకా అన్న దాన్ని బట్టి ఉంటుంది. పరీక్ష సులువు. అడుగు చదరంలో మూడు నాలుగు అడుగుల లోతు గుంట తవ్వి, ముందురోజు నీళ్లు పోసి నానబెట్టాలి. మర్నాడు మళ్లీ అడుగు ఎత్తున నీరు పోసి, పుల్ల మీద గుర్తు పెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో చూడాలి. నానబెట్టకుండా కొలిస్తే పొడి నేల మొదట దాహంతో పీల్చేసే నీటినే మనం లెక్కలోకి తీసుకుంటాం.

మాస్టారి స్థలంలో రెండు చోట్ల కొలిచాం. ముందు భాగంలో, రిటైనింగ్ గోడకు ఆరడుగుల దూరంలో, అడుగు నీరూ గంటలోపే మాయమైంది. వెనుక, ఉత్తరపు పక్కన, గంటన్నరకు ఒక్క అంగుళం దిగింది. మేస్త్రి సంబరపడి, “ఇంక చూడక్కర్లేదు సార్, ముందే తవ్వేద్దాం” అన్నాడు. మాస్టారికీ అదే సబబుగా తోచింది.

నేను మొదట్లో చెప్పిన దెబ్బ ఇక్కడే తగిలింది. చాలా ఏళ్ల కిందట ఇలాంటి స్థలంలోనే, ఇలాంటి ఫలితమే చూసి, గోడ వెనుక మూలన గుంత పెట్టించాను. ముందు భాగం పోసిన మట్టి. అది వదులుగా ఉంటుంది కాబట్టి నీటిని గటగటా తాగుతుంది. కానీ తాగిన నీరు కిందికి పోదు. అసలు కొండ నేల మీదికి చేరి, ఆ వాలు వెంట గోడ కాలి దగ్గరికి జారుతుంది. ఆ అక్టోబరు వానల్లో గోడకున్న ఊట రంధ్రాల్లోంచి ఎర్రటి నీరు కారడం మొదలైంది. గోడ ముందు నిలబడి ఒక రంధ్రం కింద తెల్లటి ప్లాస్టిక్ మగ్గు పెట్టాను. మగ్గు నిండి తేరుకున్నాక అడుగున అర అంగుళం మెత్తటి ఎర్రమట్టి. మనం పోసిన మట్టే కొట్టుకుపోతోందన్నమాట. వారం తిరిగేసరికి వాకిట్లో చప్టా రెండంగుళాలు కుంగింది, గోడ మధ్యలో చిన్న బొజ్జ కనిపించింది. గుంతలోకి వచ్చే గొట్టం ఆ రోజే మూయించాను. ఊట రంధ్రంలోంచి తేట నీరు వస్తే దిగులు లేదు, అది దాని పనే. రంగు నీరు వస్తే మాత్రం లోపల ఖాళీ ఏర్పడుతున్నట్టు.

పోసిన మట్టిని ఎలా గుర్తుపట్టాలి? గుంట తవ్వేటప్పుడు ఇటుక ముక్కలు, గోనె పీలికలు, ప్లాస్టిక్ సంచులు, రంగురంగుల మట్టి గడ్డలు కలిసి వస్తే అది పోసినదే. విశాఖ కొండల అసలు నేల ఇంకోలా ఉంటుంది. పైన ఎర్రమట్టి, కింద ఖొండలైట్ రాయి చివికిపోయి తెలుపూ పసుపూ ఎరుపూ చారలతో, గోరుతో గీస్తే రాలేటంత మెత్తగా. అందులో బంకపాలు ఎక్కువ కాబట్టి నీరు మెల్లగానే ఇంకుతుంది. మెల్లగా ఇంకినా అది నిజంగా కిందికి పోతుంది. వేగంగా ఇంకే చోటును వదిలి మెల్లగా ఇంకే చోటును ఎంచుకోమంటే వినడానికి తలకిందులుగానే ఉంటుంది.

మాస్టారి ప్లానులో చివరికి ఏం గీశాం

సంపు ఈశాన్యంలోనే ఉండాలని ఇంట్లోవారి పట్టు. నీరు ఎగువకు ఎలా వస్తుంది అని మాస్టారి అల్లుడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆవరణ నీటికి నేల వాలు కావాలి, డాబా నీటికి అక్కర్లేదు. పదడుగుల పైనుంచి దిగే నీటిని గొట్టంతో ఏ మూలకైనా తీసుకుపోవచ్చు. పైగా ఈ స్థలంలో ఈశాన్యం తవ్విన గట్టి నేల మీద పడింది. నిండు సంపు బరువు పోసిన మట్టి మీద పడితే కుంగి పగుళ్లిచ్చేది. వాస్తూ మట్టమూ ఒకే మాట చెప్పిన అరుదైన సందర్భం అది.

డాబా నీటికి నాలుగంగుళాల గొట్టాలు మూడు పెట్టాం. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు నాలుగంగుళాల గొట్టం ఒక్కటి 85 చదరపు మీటర్ల డాబాను మోస్తుంది, 100 మిల్లీమీటర్ల వానకు అందులో సగమే. తుపాను ఊరిలో రెండో లెక్కే వేసుకోవాలి. వెనుకవైపు రెండు గొట్టాలు సంపుకు వెళ్తాయి. ముందువైపు గొట్టం నేరుగా రోడ్డు కాలువకు. ఆ నీరు వృథా కదా అని మాస్టారు నొచ్చుకున్నారు. దాన్ని వెనక్కి మళ్లించడానికి యాభై అడుగుల గొట్టం వేసినా, గట్టి వానలో సంపు ఎలాగూ నిండిపోతుంది. ఆ గొట్టం మోసేది పొంగి పొర్లే నీటినే.

సంపు 6,000 లీటర్లు. రెండు గొట్టాలకు వచ్చేది 80 చదరపు మీటర్ల డాబా నీరు కాబట్టి, పదో వంతు పోను, సుమారు 85 మిల్లీమీటర్ల వానకు నిండుతుంది. ఇంకా పెద్దది ఎందుకు వద్దన్నామంటే, సంపు నీరు వేసవికి నిలవదు. మరుగుదొడ్లకు, మొక్కలకు, వాకిలి కడగడానికి రోజుకు 200 లీటర్లు వాడితే నెల రోజులు వస్తుంది. వానాకాలంలో మళ్లీ మళ్లీ నిండుతుంది కాబట్టి ఆ నెలల్లో కుళాయి నీరు ఆదా. ఏప్రిల్ కోసం అక్టోబరు నీరు దాచాలంటే ఇంటికన్నా సంపు పెద్దదవుతుంది. ఇంకో చిన్న విషయం: కార్పొరేషన్ నీళ్ల సంపూ, వాననీటి సంపూ వేరువేరుగా ఉండాలి, కనీసం మధ్యలో గోడ ఉండాలి. ఒకే సంపు అయితే కుళాయి దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది. వాన వచ్చేసరికి చోటుండదు, పైగా తాగే నీటిలో డాబా మురికి కలుస్తుంది.

తొలివాన నీటిని వదిలేయడానికి సంపుకు ముందు ఒక డ్రమ్ము పెట్టాం. మిల్లీమీటరు వాన అంటే 80 లీటర్లు, రెండు మిల్లీమీటర్లంటే 160. రెండు వందల లీటర్ల డ్రమ్ము సరిపోతుంది. అడుగున సన్నటి కుళాయి కాస్త తెరిచి ఉంచితే వానకూ వానకూ మధ్య దానంతట అదే ఖాళీ అవుతుంది. రేవుకు దగ్గరగా, జ్ఞానాపురం, పాతనగరం వైపు ఉన్నవారు ఈ డ్రమ్ము విషయంలో పిసినారితనం చూపకూడదు. అక్కడ డాబా మీద వేలు రాస్తే నల్లగా వస్తుంది, అది బొగ్గు దుమ్ము.

సంపు ఓవర్‌ఫ్లో ఉత్తరపు పక్కన, తవ్విన నేలలోనే ఉన్న వరల బావికి వెళ్తుంది. మూడడుగుల వ్యాసం, పదడుగుల లోతు, 2,000 లీటర్లు. ఇందులో అసలు కిటుకు పై అయిదడుగుల వరల అతుకులను సిమెంటుతో పూర్తిగా మూసేయడం. అతుకులు, రంధ్రాలు కింది అయిదడుగుల్లోనే ఉంటాయి. ఇంటి పునాది అయిదడుగుల లోతున ఉంది. బావికీ గోడకూ మధ్య పదడుగులుంటే నిశ్చింత, కానీ 240 గజాల స్థలంలో అంత చోటు ఎక్కడ దొరుకుతుంది? నీరు పునాది కన్నా కింద బయటికి వచ్చేలా చేస్తే ఆ కొరత కొంత తీరుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆవరణ రోడ్డుకు మూడడుగుల ఎత్తు కాబట్టి, ఆ రంధ్రాలు రోడ్డు మట్టానికి రెండడుగుల నుంచి ఏడడుగుల కింద ఉంటాయి. పోసిన మట్టి లోతు మూడడుగులే. ఇంకే నీరు దాన్ని తాకకుండా అడుగునుంచే వెళ్లిపోతుంది. సెప్టిక్ ట్యాంకు మాత్రం స్థలానికి రెండో కొసన, నైరుతి వైపు పెట్టాం.

బావి నిండాక నీరు ఉత్తరపు పక్క కాలువలోకి, అక్కడినుంచి గోడకున్న తూము ద్వారా రోడ్డు కాలువలోకి వెళ్తుంది. నూరడుగులకు అడుగు వాలు. వాకిట్లో కారు నిలిపే చోటి నీరు, బట్టలుతికే చోటి నీరు బావిలోకి రాకుండా ఒక గట్టు.

సముద్రపు ఒడ్డున, పల్లంలో

లాసన్స్ బే కాలనీ లాంటి చోట్ల లెక్క మారిపోతుంది. ఇసుక నేల నీటిని వెంటనే ఇంకిస్తుంది, కాబట్టి వరల బావికే మొదటి చోటు, సంపు రెండోది. అక్కడ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే, కింద ఇంచుమించు నలభై అడుగుల దాకా ఉప్పునీటిని అదిమి ఉంచుతుందన్నది పాత సూత్రం. అదే లెక్కన, బోరుతో తోడి మంచినీటి మట్టాన్ని ఒక అడుగు దించితే ఉప్పునీరు ఇంచుమించు నలభై అడుగులు పైకి వస్తుంది. బావి లోతు తక్కువగా ఉండాలి, అయిదారు అడుగులు చాలు. నీటిమట్టం దాకా తవ్వి అందులోకే నేరుగా వదలడం తగదు.

విమానాశ్రయం వైపు పల్లపు కాలనీల్లో ఇంకుడు గుంత గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే, వద్దు. సెప్టెంబరులో నాలుగడుగులు తవ్వితే నీరు పడే చోట గుంత కిందినుంచే నిండుతుంది. గుంత అడుగుకూ, వానాకాలపు నీటిమట్టానికీ మధ్య కనీసం అయిదడుగుల పొడి నేల ఉండాలి. అది లేనిచోట నేల మీద పెట్టే ట్యాంకు, పెద్ద కాలువ, ఎత్తయిన పునాది. వేసవిలో చేసిన ఇంకుడు పరీక్షను నమ్మి మోసపోయేది ఇక్కడే. పక్కింటి పాత బావిలో వానాకాలపు నీటి జాడ గోడ మీద ఎంత ఎత్తున ఉందో చూస్తే పరీక్షకన్నా నిజం తెలుస్తుంది.

మాస్టారి బావి గంటకు ఎనభై లీటర్ల పైచిలుకు ఇంకిస్తుందని లెక్క వేశాం, అంటే నిండితే ఖాళీ కావడానికి ఒక రోజు. తుపాను మూడు రోజులు పట్టి కురిస్తే మొదటి పూట దాటాక అది ఏమీ చేయలేదు, నీరంతా కాలువదే. మొదటి ఏడాది ఆయన వెదురుకర్ర మీద అంగుళాల గీతలు గీసి కొలిచారు, ఇరవై ఆరు గంటలు పట్టింది. రెండో ఏడాది నలభై. మూత తీసి చూస్తే అడుగున అరచేయి మందాన బురద, కింది వరుస రంధ్రాలు కనిపించలేదు. డ్రమ్ము కింది కుళాయిలో ఆకు ఇరుక్కుని, డ్రమ్ము ఎప్పుడూ నిండుగానే ఉండిపోయిందట. తొలివాన మురికి అంతా నేరుగా సంపులోకీ, అక్కడినుంచి బావిలోకీ వెళ్లింది. బురద తీయించి, కుళాయి మూతికి జల్లెడ కట్టాక మళ్లీ ఇరవై ఎనిమిది గంటలకు వచ్చింది. ఆ కర్ర ఇప్పటికీ బావి పక్కనే గోడకు చేర్చి ఉంటుంది.